ఖజానా అని పంపిన పెట్టె

అల్ఫియా అబద్ధం చెప్పలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే వినేవాళ్ళు ఉండరు. ఈ రోజుల్లో మొదటి రెండు సెకన్లలో చెప్పిందే మాట. తక్కినదంతా జనం బొటనవేలి దయ. వేలు పైకి జరిగిందా, మీ చరిత్ర అక్కడితో సమాప్తం, ఆ వెనకే ఎవరో ఒకాయన చింతపండు పులిహోర కలుపుతూ కనబడతాడు.

అల్ఫియా మదనపల్లె పిల్ల. చరిత్రలో ఎమ్మే చేసింది. ఎమ్మే చరిత్రకు మదనపల్లెలో ఉన్న గిరాకీ ఏపాటిదో చెప్పనక్కరలేదు. మార్కెట్ యార్డులో మెత్తబడిన టమాటాకైనా ఎవడో ఒకడు బేరం అడుగుతాడు. ఆమె ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేది. సాయంత్రాలు హేమంత్ స్టూడియోకు వెళ్ళేది. హేమంత్ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మనిషి. ముహూర్తాలు లేని రోజుల్లో కెమెరా ఊరికే ఉండటం ఇష్టంలేక, ఇద్దరూ కలిసి చరిత్ర మీద షార్టులు చేయటం మొదలుపెట్టారు. నిలువు తెర, ఒకటిన్నర నిమిషం లోపల ఒక సంగతి. రాసేది, గొంతు ఇచ్చేది అల్ఫియా. తీసేది, కత్తిరించేది హేమంత్.

ఆమెకు ఒక పంతం ఉండేది. ఫలానా కోటలో సొరంగం ఉంది, ఫలానా రాణి శాపం పెట్టింది అని అరిచే చానళ్ళంటే ఒళ్ళు మంట. ఒక్క మాటకైనా ఆధారం దొరక్కపోతే ఆ మాట కొట్టేసేది. "చరిత్రకారులు అంటారు" అని రాయటానికి కూడా ఒప్పుకోదు. ఏ చరిత్రకారుడు, ఎప్పుడు అన్నాడు అని తనను తానే నిలదీసుకునేది. హేమంత్ తల పట్టుకునేవాడు.

"అల్ఫియా, నువ్వు పరీక్ష రాస్తాండావా, వీడియో సేస్తాండావా?"

"రెండూ ఒకటే అన్నా. తప్పు రాస్తే మార్కులు పోతాయి, ఈడ పరువు పోతాది."

పరువు ఒక్కటే పోయుంటే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు.

ఆ వారం ఆమె ఎంచుకున్నది హైదరాలీ చావు. మన చిత్తూరు పక్కన జరిగిన సంగతి, మన బడి పుస్తకాల్లో ఒక వాక్యం కూడా దక్కని సంగతి. నిజానికి దానికి ఉప్పూకారం వేయనక్కరలేదు, ఉన్నదున్నట్టు చెప్పినా ఊపిరి బిగపట్టి వింటారు. వారాల తరబడి చదివి ఆమె రాసిన మాటలు ఇవి:

"ఖజానా అని చెప్పి ఒక పెట్టెను దండు నుంచి పంపించారు. అందులో ఏముందో బయటపడితే రాజ్యం నిలవదు. 1782 డిసెంబరు. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం మధ్యలో ఉంది. మైసూరును ఏలుతున్న హైదరాలీ వీపు మీద రాచకురుపుతో డేరాలో పడి ఉన్నాడు. ఏడో తేదీన ప్రాణం పోయింది. వారసుడు టిప్పు దూరంగా మలబారు తీరంలో ఉన్నాడు. కబురు పొక్కితే దండు చీలిపోతుంది. అందుకే మంత్రులు ఆ కబురును దాచారు. శవాన్ని సుగంధపు పొడి నింపిన పెట్టెలో పెట్టి, మామూలుగా ఖజానా పంపినట్టే కోలారుకు పంపారు. అక్కడ ఆయన తండ్రి సమాధి ఉంది. ఇక్కడ దండులో మాత్రం నవాబుకు ఒంట్లో బాగాలేదన్నారు. టిప్పును కలుసుకోవటానికి దండు కదిలినప్పుడు తెరలు దించిన పల్లకీ కూడా కదిలింది. రోగికి నిద్రాభంగం కాకూడదని సైనికులు దూరదూరంగా నడిచారు. పల్లకీలో ఎవరూ లేరు. ఈ పల్లకీ సంగతి తర్వాతి తరం ఇంగ్లీషు అధికారి ఒకాయన రాసిపెట్టాడు. కొత్త ఏడాది మొదట్లో టిప్పు వచ్చి చేరాడు. తర్వాత తండ్రి శరీరాన్ని శ్రీరంగపట్నానికి మార్పించాడు. పెట్టె ఏ దారిన కోలారు వెళ్ళిందో నేను చదివినవాటిలో లేదు. ఒకటి మాత్రం నిజం. అందులో ఖజానా లేదు. మనిషి ఉన్నాడు."

చదివి చూడండి. ఎక్కడన్నా అబద్ధముందా? లేదు. మొదటి మాట కూడా నిజమే. ఖజానా అని చెప్పే పంపించారు.

నిజానికి ఆమె మొదట పల్లకీతో ఎత్తుకుంది. తెరలు దించిన పల్లకీ, లోపల ఎవరూ లేరు, అని. హేమంత్ విని పెదవి విరిచాడు.

"పల్లకీ అంటే మా పెండ్లి వీడియో అనుకుని తోసేస్తారు. పెట్టె ముందర పెట్టు. ఖజానా అను. బొటనవేలు ఆగిపోతాది."

ఆమె సరే అంది. ఖజానా అన్న మాటకు అప్పట్లో మంత్రులే పూచీ పడ్డారు కదా, తనదేం పోయిందని. ఎత్తుగడ కూడా చక్కగా కుదిరింది. మొదట ఒక ప్రశ్న వేసి, చివరిదాకా లాక్కెళ్ళి జవాబు చెప్పటం. ఆ సాయంత్రం బీరువా తలుపులు తెరిచి, దుప్పట్ల మధ్యలో తల దూర్చి గొంతు రికార్డు చేసింది. ప్రతిధ్వని రాకుండా వాళ్ళకు తెలిసిన ఉపాయం అదే.

ఇక మిగిలింది బొమ్మ. మాటల కింద ఏదో ఒకటి కదలాలి కదా. కోలారు వెళ్ళి అక్కడి సమాధిని కెమెరాలో తీసుకురావాలని ఆమె అంది. హేమంత్‌కు ఆ వారమంతా పెళ్ళిళ్ళు. శుక్రవారం వీడియో పెట్టకపోతే చానల్ చల్లబడిపోతుందని అతని భయం.

"పాత గోరీ ఒకటి కావాల, అంతే గదా. మీ నానీ ఊర్లో ఉండాదే, సదుం రోడ్డులో."

ఇక్కడ ఆమె నానీ గురించి చెప్పాలి.

మైమూన్ బీ అల్ఫియాకు అమ్మమ్మ. పుంగనూరు నుంచి సదుం వెళ్ళే దారిలో రోడ్డు దిగితే ఒక చిన్న పల్లె. మైమూన్ బీ అక్కడే ఒక్కతే ఉంటుంది, కూతురు రమ్మన్నా మదనపల్లెకు రాదు. రాకపోవటానికి కారణం ఆ ఊరి రైతు వెంకటముని చేను మూలలో ఉన్న రెండు గోరీలు. ఒకటి పాతది, సున్నం పెచ్చులూడిపోయింది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. బాబా అంటారు. పిల్లకు జ్వరమొస్తే హిందువులూ ముస్లిములూ అక్కడ అగరొత్తులు వెలిగిస్తారు. దాని పక్కన మట్టి దిబ్బ మైమూన్ బీ మొగుడిది, అంటే అల్ఫియా నానాది. అల్ఫియా పలకా బలపం పట్టకముందే ఆయన పోయాడు. ఆ దిబ్బ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. దాన్ని మైమూన్ బీ గురువారం గురువారం చిమ్ముతుంది. ముళ్ళ మొక్క మొలిస్తే పీకేస్తుంది. నేను పోతే ఇక్కడ పెట్టండి అని వెంకటమునితో ఎప్పుడో మాట తీసుకుంది. ఆమెకున్న ఆస్తీ, ఆశా ఆ ఆరడుగులే. ఇంకేమీ అడగదు.

గురువారం మధ్యాహ్నం అల్ఫియా, హేమంత్ బండి మీద వెళ్ళారు. మైమూన్ బీ మనవరాలిని చూసి మురిసిపోయింది. కెమెరా చూసి కొంగు సర్దుకుంది.

"ఏం తీస్తాండారు బేటీ?" ఇంట్లో అయితే ఉర్దూనే మాట్లాడేది, హేమంత్ ఉన్నాడని తెలుగులో అడిగింది.

"హైదరాలీ గురించి నానీ. ఆయన్ను మొదట పెట్టిన జాగా యాడో కోలారులో ఉండాది. ఊరికే చూపించేదానికి ఈ బాబా గోరీ తీసుకుంటాం."

"ఆయనది ఆయనకు చూపించాల. ఈయనది ఈయనకు చూపించాల. ఒకరిది ఇంకొకరికి యాల?"

అల్ఫియా నవ్వింది. చదువుకున్న పిల్ల కదా, నవ్వు తొందరగా వస్తుంది. "వీడియోలో అట్లనే చేస్తారు నానీ. అది ఊరికే బొమ్మ."

హేమంత్ కెమెరాను నేల దగ్గర పెట్టి నెమ్మదిగా గోరీ వైపు జరిపాడు. పెచ్చులూడిన సున్నం, పక్కన మట్టి దిబ్బ, వెనక వెంకటముని వేరుశనగ చేను, దూరాన రెండు గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుట్ట. ఆ గుట్ట ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ బొమ్మనే మొదటి రెండు సెకన్ల కింద వేశాడు. దాని మీద పసుపురంగు అక్షరాల్లో, తెరంతా నిండేటట్టు, ఖజానా అని రాశాడు.

వీడియో ముక్కలు అతుకుతూ అతనే ఒక మాట అడిగాడు. "ఇది వేరే చోట తీసింది అని మూలలో సిన్నగా వేద్దామా?"

అల్ఫియా తెరను చూసింది. "మొదటి రెండు సెకన్లలో అది వేస్తే గాలి తీసేసినట్టు ఉంటాది అన్నా. కింద వివరణలో రాస్తాను." రాసింది కూడా. షార్టు కింద వివరణ తెరిచి చదివే మనిషి ఈ భూమి మీద ఇంకా పుట్టలేదు. ప్రతి మాటకూ ఆధారం వెతికిన పిల్ల బొమ్మకు ఆధారం అక్కరలేదనుకుంది. ఆ మధ్యాహ్నం చదువురాని ముసలమ్మ అడిగిన ప్రశ్నను ఆమె ఒక్క క్షణం మనసులో పెట్టుకుని ఉంటే బాగుండేది. నాకు ఆమె మీద కోపం అక్కడే.

శుక్రవారం పెట్టారు. ఆదివారానికి హేమంత్ స్టూడియోలో పండగ. అంతకుముందు ఏ వీడియోకూ రానంత జనం వచ్చారు. అయితే చూసినవాళ్ళు ఎక్కడ ఆగారు, ఎక్కడ పోయారు అని చూపించే గీత ఒకటి ఉంటుంది. హేమంత్ దాన్ని తెరిచాడు. గీత మొదట్లో నిటారుగా ఉంది, రాచకురుపు దగ్గరికి వచ్చేసరికి సగానికి పైగా కూలిపోయింది. చివరి మాటదాకా నిలిచింది కొద్దిమంది. అంటే చూసినవాళ్ళలో ఎక్కువమంది తీసుకుపోయింది ఒకటే: ఒక గోరీ, దాని మీద ఖజానా అన్న మాట.

"సివరిదాకా చూసుంటే బాగుండేది," అంది అల్ఫియా.

"సూసినోళ్ళు సాలు," అన్నాడు హేమంత్.

కామెంట్లు వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు హైదరాలీని తిట్టారు, కొందరు ఆమె పేరు చూసి ఆమెనే తిట్టారు. ఆ తిట్లు ఆమెకు అలవాటే, చదవకుండా దాటేసేది. ఒకరు మాత్రం ఎంతో సంబరంగా రాశారు: "అక్కా ఇది మా ఊరి దగ్గరే, పుంగనూరు సదుం రోడ్డు, జంటగుండ్ల గుట్ట కింద!" అల్ఫియాకు ప్రాణం లేచి వచ్చింది. మనవాళ్ళు చూస్తున్నారని ఆ కామెంటుకు ఎర్ర గుండె గుర్తు పెట్టింది. గుండె పెట్టిన కామెంటు అన్నిటికన్నా పైన కూర్చుంది.

తర్వాతి వారం మధ్యలో మైమూన్ బీ ఫోన్ చేసింది.

"బేటీ, ఎవరెవరో వస్తాండారు. బండ్ల మీద. గోరీ సుట్టూ తిరిగి అడుగులేసి కొలుస్తాండారు. నేను పోతే సెల్లు ఎత్తి నన్ను తీస్తాండారు. పెట్టె యాడుండాది అవ్వా అని అడగతాండారు. ఏం పెట్టె?"

అప్పుడు గానీ అల్ఫియాకు సంగతి తలకెక్కలేదు. ఆ కామెంటు తీసేసింది. "ఈ గోరీకీ హైదరాలీకీ సంబంధం లేదు, ఖజానా లేనేలేదు" అని తనే ఒక కామెంటు రాసి అన్నిటికన్నా పైన అంటించింది. వీడియోలో ఒక్క బొమ్మ మార్చాలంటే కుదరదు. ఒకసారి పెట్టాక ఉంచితే ఉంచాలి, తీస్తే మొత్తం తీసేయాలి. తీసేద్దామంది. హేమంత్ మొహం మాడిపోయింది కానీ, కాదనలేదు. పెళ్ళి వీడియోలు తీసే మనిషైనా ముసలమ్మ చేతి టీ తాగినవాడు. తీసేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత చల్లదనం ఉంటుందంటారు. ఇక్కడ అదీ లేదు. వాళ్ళది తీసేసిన సాయంత్రానికే అదే వీడియో ఇంకో చానల్లో కనబడింది. మొత్తం కాదు. మొదటి రెండు వాక్యాలు మాత్రమే: ఖజానా అని చెప్పి ఒక పెట్టెను పంపించారు, అందులో ఏముందో బయటపడితే రాజ్యం నిలవదు. అల్ఫియా గొంతు, మైమూన్ బీ మొగుడి దిబ్బ, పసుపు అక్షరాలు. అంతే. వెనక ఢమఢమ వాయిద్యం ఒకటి చేర్చారు. చానల్ నడిపేది కుప్పంలో అరుణ్ కుమార్ అనే అతను.

సొత్తు మాది, తీసేయమని అల్ఫియా ఆ వీడియోల కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. పరిశీలన అంటే రోజులు. అంతవరకూ ఆగలేక మర్నాడు బడికి సెలవు పెట్టి కుప్పం బస్సెక్కింది. పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి దిగింది. అరుణ్ కుమార్‌కు స్టేషన్ దారిలో సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఇరవై ఏడెనిమిదేళ్ళు, మర్యాదస్తుడు. స్టూల్ జరిపి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. ఇలాంటివాళ్ళు గద్దించి మాట్లాడితే మనకు సుఖంగా ఉండేది.

"అక్కా, మీ గొంతు సానా బాగుండాది. నేను మీ అభిమానిని."

"నా మాటలు కోసేసినావు."

"నేను ఒక్క అక్షరం సేర్చలేదు అక్కా. మీరు సెప్పిందే పెట్టినాను. అబద్ధమైతే మీరే సెప్పినట్టు."

"మిగిలింది యాడ? పెట్టెలో ఖజానా లేదని సెప్పినాను గదా, సివర్లో!"

"అది రెండో భాగంలో పెడతామనుకున్నా." తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. అరుణ్ కుమార్ ఆ వంశమే. "మీరు కూడా జనం ఆగాలనే గదా ఆ మాట ముందర పెట్టినారు. నేనూ అదే సేసినా. మీకొక న్యాయం నాకొక న్యాయమా?"

వాడి మీద పళ్ళు కొరకటం తప్ప నేను చేయగలిగిందీ లేదు. దొంగ నోట కూడా ఒక్కోసారి నిజం వస్తుంది, అది మరీ మంటగా ఉంటుంది.

"ఆడ మా నానా గోరీ ఉండాది," అంది చివరికి. "పక్కన ఉండే మట్టి దిబ్బ. అది ఆయనది. మా నానీ ఒక్కతే ఉంటాది ఆడ."

అరుణ్ కుమార్ నిజంగానే బాధపడ్డాడు. అయ్యో అక్కా, ఆ సంగతి నాకు తెలీదు అన్నాడు. ఆమె కళ్ళ ముందే ఫోన్ తీసి వీడియో తుడిచేశాడు. చేతులు జోడించాడు. ఆమె కూడా చేతులు జోడించి, అదే దారిన తిరుగు బస్సెక్కింది. బస్సులో ముందు సీట్లో ఒకాయన సెల్లు చూసుకుంటున్నాడు. ఢమఢమ వాయిద్యం వినబడింది. ఆ వెంటే ఆమె గొంతు. చానల్లో తుడిచేసినంత మాత్రాన వాట్సాప్‌లోకి దిగినది ఎక్కడికి పోతుంది? ఆమె లేచి నిలబడి "అన్నా, అది అబద్ధం" అంది. ఆయన తలెత్తి చూసి, "ఏదమ్మా?" అన్నాడు. ఏది అని చెబుతుంది. పెట్టె సంగతి నిజమే, పంపిన మాట నిజమే, ఖజానా అని చెప్పింది నిజమే. కూర్చుంది.

అనుమానం రాకూడదని అప్పట్లో మంత్రులు ఆ అబద్ధం ఆడారు. దాని పని ఒక నెలలో తీరిపోయింది. కొడుకు వచ్చాడు, దండు నిలబడింది. కానీ అబద్ధానికి పని తీరిందని ఎవరూ చెప్పలేదు. రెండు వందల ఏళ్ళు దాటాక దాన్ని దుమ్ము దులిపి లేపింది ఎవరయ్యా అంటే, అబద్ధమంటే గిట్టని పిల్ల.

కుప్పం నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున్నే వెంకటముని ఫోన్ వచ్చింది. మైమూన్ బీని ఊళ్ళో బూబమ్మ అంటారు. "అమ్మా, నువ్వు తొందరగా రా. మీ అమ్మను గూడా పిల్చుకోని రా. బూబమ్మ మాట్లాడటం లేదు."

అల్ఫియా, వాళ్ళమ్మ అఫ్సానా, హేమంత్ కారులో వెళ్ళారు. చేను మూలలో జనం గుమిగూడి ఉన్నారు. ఇద్దరు పోలీసులు ఉన్నారు. పాత గోరీ బండలు పక్కకు దొర్లించి ఉన్నాయి. అక్కడి నుంచి మట్టి దిబ్బ దాకా, దిబ్బ నుంచి మైమూన్ బీ చిమ్ముకునే జాగా దాకా ఒకటే గుంత. గట్టున కోసిన నిమ్మకాయలు, పసుపు కుంకుమ, పగిలిన టెంకాయ. ఈ ఘనులు పూజ చేసి మరీ తవ్వారు. ఏమీ దొరక్క, ఆ ఉక్రోషంలో ఎముకలన్నీ పారలతో మట్టితో పాటు ఎత్తి ఒక చోట కుప్ప పోసి పోయారు.

మైమూన్ బీ కుప్ప పక్కన కూర్చుని ఉంది. తన పాత చీర ఒకటి తెచ్చి కప్పింది. అఫ్సానా వెళ్ళి మీద పడి ఏడిస్తే, వీపు మీద చెయ్యి వేసింది, అంతే.

ఎస్సై మంచివాడే. పంచనామా రాయించాడు. ఏ ఎముకలు ఎవరివో తేల్చాలంటే పరీక్షకు పంపాలి, తిరిగి రావటానికి నెలలు పట్టొచ్చు, మీ ఇష్టం అమ్మా అన్నాడు. మైమూన్ బీ తల అడ్డంగా ఊపింది. తన మనిషి మూటలో కట్టుకుని ఏ ఆఫీసు బీరువాలోనో కూర్చోవటం ఆమెకు ఇష్టం లేదు. పుంగనూరు నుంచి వచ్చిన మౌల్వీ సాబ్ కూడా, ఆలస్యం చేయటం మంచిది కాదు, మళ్ళీ మట్టికి ఇచ్చేద్దాం అన్నాడు. శుభ్రమైన తెల్లగుడ్డలు రెండు తెచ్చాడు. ఒకటి బాబాకు, ఒకటి మైమూన్ బీ మొగుడికి. పరిచాడు. అప్పుడు ఆగిపోయాడు. దేన్ని ఏ గుడ్డలో పెట్టాలి?

మైమూన్ బీ చీర తీసింది. మనవరాలిని పిలిచింది.

"ఇట్ల రా. నువ్వు తెలీంది సెప్పవంట గదా. సరిగ్గా సూసి, తెలిసిందే సెప్తావంట గదా. మీ అమ్మ అంటాంటాది." గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది, అదే అక్కడున్నవాళ్ళు భరించలేకపోయారు. "ఇందులో మీ నానా యాడుండాడో సెప్పు. నాకు సెప్పు, నేను ఏరుకుంటా."

అల్ఫియా మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టిలో అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. చిన్న ముక్కలు, పెద్ద ముక్కలు. ఒకటి పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏదో ఒకటి చూపించి ఇదే నానీ అనుంటే, ముసలమ్మ నమ్మేసేది. సగం ఎముకలు ఇటు, సగం అటు పెట్టి, ఇద్దరికీ చెరొక దిబ్బ లేపితే, ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. అక్కడున్న వాళ్ళెవరైనా చెప్పేవాళ్ళు. నేనైతే చెప్పేవాణ్ణి.

"నాకు తెలీదు నానీ," అంది.

మైమూన్ బీ రెండు గుడ్డల్లో ఒకటి మడిచి మౌల్వీ సాబ్ చేతికి ఇచ్చేసింది. అన్నిటినీ ఒకే గుడ్డలో పెట్టారు. ఒకే గుంతలో దించారు. వెంకటముని, హేమంత్ మట్టి తోశారు. హేమంత్ మట్టి తోస్తూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. రోడ్డు గట్టు మీద నిలబడ్డ కొందరు సెల్లులు నిలువుగా పట్టుకుని అదంతా తీస్తున్నారు. పోలీసులు అదిలిస్తే కాస్త వెనక్కి జరిగి మళ్ళీ తీశారు.

జనం పోయాక వెంకటముని మైమూన్ బీ దగ్గరికి వచ్చాడు. "బూబమ్మా, నీకిచ్చిన మాట అట్లే ఉండాది. ఆ జాగా పూడ్సి సదును సేస్తాను. సుట్టూ కంచె ఏపిస్తాను."

"వద్దప్పా," అంది మైమూన్ బీ. లేచి చీర దులుపుకుంది. "ఆడ పండుకుంటే ఎవురి పక్కన పండుకుంటానో నాకేం తెలుసు. పైగా మళ్ళా తవ్వుతారు. సెల్లుల్లో ఉండాది గదా, పోదు గదా అది." కూతురి వైపు తిరిగింది. "మదనపల్లెకు వస్తా. ఆడ ఊరి గోరిస్తాన్లో పెట్టండి నన్ను, యాడైనా సరే. పేరు మాత్రం రాయించొద్దు."

ఇంటికి వెళ్ళి రెండు సంచులు సర్దుకుంది. కారు ఎక్కేటప్పుడు అల్ఫియా చెయ్యి అందిస్తే పట్టుకుంది. మదనపల్లె చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. గోరీల మూల మీద ఆ తర్వాత గురువారం చీపురు పడలేదు.